వాయిదా పడిన సభకు కోరం అక్కర్లేదు

ముంబయిలో సెప్టెంబరు వచ్చిందంటే అపార్ట్‌మెంట్ల లిఫ్టు పక్కనున్న నోటీసు బోర్డులు కాగితాలతో నిండిపోతాయి. మార్చి 31తో లెక్కల సంవత్సరం ముగిశాక ఆరు నెలల్లోగా, అంటే సెప్టెంబరు 30 లోపు, ప్రతి సహకార గృహ సంఘం వార్షిక సర్వసభ్య సమావేశం పెట్టి తీరాలని 1960 నాటి మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం చెబుతోంది. పెట్టకపోతే కమిటీ సభ్యుల మీద అనర్హత వేటు పడవచ్చు. ఆడిట్ పూర్తయ్యేసరికే ఆగస్టు అయిపోతుంది. అందుకే నగరంలోని సొసైటీలు చాలావరకు సెప్టెంబరులో వచ్చే నాలుగు ఆదివారాల్లోనే మీటింగు ముగించాలని తొందరపడతాయి.

ఆ నోటీసుల్లో కొన్నింటికి వారం రోజుల్లోనే తోడుగా రెండో కాగితం వస్తుంది. ‘కోరం లేనందున సమావేశం వాయిదా పడినది, తిరిగి ఫలానా తేదీన జరుగును’ అన్నది దాని సారాంశం. మొదటి నోటీసు చదివినవారిలో కూడా చాలామంది ఈ రెండోదాన్ని తేదీ మారిందన్న కబురుగా మాత్రమే చూసి వెళ్లిపోతారు. తేదీతో పాటు సభ నియమాలు కూడా మారిపోయాయని అందులోనే ఒక వాక్యం చెబుతుంటుంది. ఆ వాక్యం అర్థమైతే మీటింగుకు వెళ్లాలా వద్దా అన్న ఆలోచనే మారిపోతుంది.

గృహ సంఘాలకు ముంబయి పాత ఊరు. గామ్‌దేవిలోని సారస్వత్ కో-ఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ 1915లోనే మొదలైంది. ఆ నగరంలో ఫ్లాటు కొనడమంటే సాధారణంగా సొసైటీలో షేర్లు తీసుకుని సభ్యత్వం పొందడమే. ఆ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. అయితే బోర్డు మీది కాగితం మరాఠీలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. రాయడంలోనూ చట్టం భాషే ఎక్కువ కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుని లెక్కలు వేసి చూద్దాం. ములుండ్‌లో 48 ఫ్లాట్ల సొసైటీ, 48 మంది సభ్యులు అనుకుందాం. సంవత్సరం 2025. కమిటీ సెప్టెంబరు 21 ఆదివారం ఉదయం పది గంటలకు సమావేశం పెట్టింది. వార్షిక సమావేశానికి 14 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ప్రభుత్వం రూపొందించిన నమూనా బైలాస్ చెబుతాయి. ‘పూర్తి రోజులు’ అన్నప్పుడు నోటీసు అందిన రోజునూ, సభ జరిగే రోజునూ లెక్కలోకి తీసుకోరు. 7వ తేదీ నుంచి 20 వరకు సరిగ్గా పద్నాలుగు రోజులు. అంటే నోటీసు ఆఖరికి 6వ తేదీ శనివారానికి సభ్యుల చేతికి అందాలి. ఆ ఏడు అదే రోజు అనంత చతుర్దశి, ముంబయి అంతా గణపతి నిమజ్జనంలో మునిగి ఉండే రోజు. సెక్రటరీ ‘రేపు పంచుదాంలే’ అనుకుని ఆదివారం పంచితే చేతికి మిగిలేవి పదమూడే. ఆ ఒక్క రోజు తేడాను పట్టుకుని సభ చెల్లదని ఏ సభ్యుడైనా వాదించవచ్చు.

నోటీసు సకాలంలోనే అందింది. కానీ 21వ తేదీ మహాలయ అమావాస్య. పితృకార్యాలున్న ఇళ్లలో పొద్దున్నే ఎవరికీ తీరిక ఉండదు. తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలకు ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ. పది గంటలకు సొసైటీ ఆఫీసు గదికి తొమ్మిదిమంది వచ్చారు. పదిన్నరకు చూస్తే రిజిస్టర్లో పదిహేను సంతకాలు ఉన్నాయి.

ఎంతమంది ఉంటే చాలు? మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు లేదా ఇరవై మంది, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది కోరం. 48లో మూడింట రెండు వంతులంటే 32. ఇరవై అంతకంటే తక్కువ కాబట్టి ఇక్కడ కోరం ఇరవై. ఇరవైనాలుగు మంది ఉన్న చిన్న సొసైటీలో లెక్క పదహారు దగ్గర ఆగుతుంది. ముప్ఫై మందికి చేరేసరికి రెండు లెక్కలూ కలుస్తాయి. అక్కడి నుంచి సొసైటీ ఎంత పెద్దదైనా కోరం ఇరవైయే. నాలుగు వందల ఫ్లాట్ల టవర్లలో కూడా ఇరవై మంది చేరితే సభ మొదలుపెట్టవచ్చు. ఇది తెలిసినవారు ఆశ్చర్యపోతారు, ఆశ్చర్యపోవాల్సిందే. వందలాది కుటుంబాల డబ్బుకు సంబంధించిన నిర్ణయం అలా ఇరవై మంది చేతుల్లోకి వస్తుంది.

మన ఉదాహరణలో ఆ ఇరవై మంది కూడా రాలేదు. నిర్ణీత సమయం దాటి అరగంటలో కోరం కుదరకపోతే సభ వాయిదా పడాలి. బైలాస్ ఇక్కడ రెండు దారులు చూపిస్తాయి. మొదటి నోటీసులోనే ముందుగా రాసి ఉంటే అదే రోజు కొంచెం ఆలస్యంగా మళ్లీ కూడవచ్చు. లేకపోతే ఏడు రోజులకు తక్కువ కాకుండా, ముప్ఫై రోజులు మించకుండా మరో తేదీ పెట్టుకోవాలి. మన కమిటీ రెండో దారి ఎంచుకుంది. 21 నుంచి ఏడు రోజులకు వచ్చేది 28, ఆదివారం. సెప్టెంబరు 30 గడువు దాటకుండా మిగిలిన ఒకే ఒక్క ఆదివారం కూడా అదే. బోర్డు మీదికి వచ్చిన రెండో కాగితాన్ని తెలుగులో రాస్తే దాదాపు ఇలా ఉంటుంది.

నోటీసు

సభ్యులందరికీ తెలియజేయునది. 2025 సెప్టెంబరు 21న ఉదయం 10 గంటలకు ఏర్పాటు చేసిన వార్షిక సర్వసభ్య సమావేశం, అరగంట గడిచినా కోరం పూర్తి కానందున వాయిదా పడినది. వాయిదా పడిన సమావేశం 2025 సెప్టెంబరు 28 ఆదివారం ఉదయం 10 గంటలకు సొసైటీ ఆఫీసు గదిలో ఈ క్రింది ఎజెండాపై జరుగును.

1. గత వార్షిక సమావేశం మినిట్స్ చదివి, వాటిపై తీసుకున్న చర్యలను గమనించుట.
2. 2024–25 సంవత్సరపు కమిటీ నివేదిక, ఆదాయ వ్యయ పట్టిక, 2025 మార్చి 31 నాటి ఆస్తి అప్పుల పట్టికను పరిశీలించుట.
3. ఆడిట్ నివేదికను, అందులోని లోపాలపై కమిటీ ఇచ్చిన సవరణ నివేదికను పరిశీలించుట.
4. 2025–26కు ఆడిటరును నియమించుట.
5. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ పనికి సుమారు 18 లక్షల రూపాయల కొటేషన్లను పరిశీలించి, కాంట్రాక్టరును ఎంపిక చేసి, సభ్యుల నుంచి వసూలు విధానాన్ని నిర్ణయించుట.
6. ముందస్తు నోటీసు అవసరం లేని ఇతర విషయాలను అధ్యక్షుని అనుమతితో చర్చించుట.

వాయిదా పడిన సమావేశానికి కోరం అవసరం లేదు. హాజరైన సభ్యులతోనే ఎజెండాలోని విషయాలపై నిర్ణయాలు తీసుకొనబడును. ప్రతి సభ్యునికి ఒక ఓటు. ప్రాక్సీ, పవర్ ఆఫ్ అటార్నీ లేదా అధికార పత్రం ద్వారా హాజరగుటకు వీలు లేదు.

కమిటీ తరఫున, సెక్రటరీ

మూడు చిన్న పేరాల ఈ కాగితంలో బరువంతా చివరి పేరాలో ఉంది. మొదటి సభకు ఇరవై మంది కావాలి. రెండోదానికి ఏడుగురు వచ్చినా, నలుగురు వచ్చినా సభ సభే, అందులో చేసిన తీర్మానం తీర్మానమే. దీని వెనక ఉన్న ఆలోచన సులభంగానే అర్థమవుతుంది. సభ్యులు రాకుండా ఉంటే సొసైటీ పని శాశ్వతంగా ఆగిపోకూడదు. లెక్కలు ఆమోదం పొందాలి, ఆడిటరు రావాలి, పైకప్పు కారుతుంటే బాగుచేయించాలి. కానీ ఈ వెసులుబాటు ఎవరి చేతిలో పడుతుందన్నదాన్ని బట్టి ఉపయోగమో, ప్రమాదమో అవుతుంది.

18 లక్షల పని లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. నమూనా బైలాస్ ప్రకారం 26 నుంచి 50 మంది సభ్యులున్న సొసైటీలో మరమ్మతుల మీద కమిటీ తన అధికారంతో ఒక్కసారికి 50,000 రూపాయల వరకే ఖర్చు పెట్టగలదు. అంతకు మించినదానికి సర్వసభ్య సభ ఒప్పుకోవాలి. అందుకే వాటర్‌ప్రూఫింగ్ ఎజెండాలోకి వచ్చింది. 28వ తేదీన పదిహేడు మంది వచ్చారనుకుందాం. చేతులు లేపమంటే అనుకూలంగా తొమ్మిది, వ్యతిరేకంగా ఆరు లేచాయి, ఇద్దరు ఎటూ చెప్పలేదు. తీర్మానం నెగ్గింది. 18 లక్షలను 48 ఫ్లాట్లకు సమానంగా పంచితే ఒక్కొక్కరి మీద 37,500 రూపాయలు పడతాయి. నలభై ఎనిమిది మందిలో తొమ్మిది మంది చేతులెత్తితే మిగతా ముప్ఫైతొమ్మిది మందికీ బిల్లు వస్తుంది. పైకప్పు నిజంగానే పాడైపోయి ఉంటే ఆ తొమ్మిది మంది అందరికీ మేలు చేసినట్టే. మూడు కొటేషన్లలో ఎక్కువ ధర చెప్పినవాడికి పని ఇచ్చి ఉంటే, ప్రశ్నించేవాళ్లు గదిలో లేరన్నది కూడా అంతే నిజం.

మీటింగుకు రాలేదు కాబట్టి తమకు ఈ బిల్లు వర్తించదని చాలామంది వాదిస్తారు. సరైన నోటీసు ఇచ్చి, ఎజెండాలో రాసి, సభలో ఆమోదించిన తీర్మానం రానివారికీ వర్తిస్తుంది. కట్టనన్నవారి మీద బాకీ పెరుగుతూ పోతుంది. బాకీదారుగా నమోదైనవారు కమిటీకి పోటీ చేసే అర్హత కోల్పోతారు.

చట్టం ఇచ్చిన ఈ సౌకర్యానికి చట్టమే గట్టి హద్దులు కూడా వేసింది. వాటిలో పెద్దది ఎజెండా. వాయిదా పడిన సభ కొత్త సభ కాదు, మొదటిదానికి కొనసాగింపు. అందుకే మొదటి నోటీసులో ఉన్న విషయాలే అక్కడ చర్చకు రావాలి. 28వ తేదీ కాగితంలో ఐదో అంశం పక్కనే ‘బిల్డింగు బయటి రంగులు’ అని కొత్తగా చేరిస్తే, ఆ ఒక్కదానికీ కోరం మినహాయింపు వర్తించదు. దానికి మళ్లీ పద్ధతి ప్రకారం నోటీసు ఇవ్వాలి. కాబట్టి రెండో నోటీసు రాగానే సభ్యులు మొదట చేయాల్సిన పని ఒకటుంది. మొదటి నోటీసు పక్కన పెట్టుకుని రెండు ఎజెండాల్నీ వరుసగా పోల్చి చూడాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఉన్నా సరిపోతుంది. అంశాల సంఖ్య పెరిగినా, ‘కొటేషన్లు పరిశీలించుట’ అన్న మాట ‘ఆమోదించుట’గా మారినా సెక్రటరీని అడగాలి, అదీ రాతపూర్వకంగా.

‘అధ్యక్షుని అనుమతితో ఇతర విషయాలు’ అన్న చివరి వాక్యం మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. చాలా సొసైటీల్లో పెద్ద నిర్ణయాలు జొరబడే దారి ఇదే. ఎవరో ఒకరు లేచి ‘పార్కింగు స్థలాలు మళ్లీ కేటాయిద్దాం’ అంటారు, పదిహేడు మందిలో పది మంది సరేనంటారు, మినిట్స్‌లోకి ఎక్కిపోతుంది. బైలాస్ అక్కడ ఒక మినహాయింపు స్పష్టంగా రాసి ఉంచాయి. ముందస్తు నోటీసు అవసరమైన విషయాలు ఈ గుమ్మం గుండా రాకూడదు. గేటు దగ్గర లైటు వెలగడం లేదనడం, వాచ్‌మన్ రాత్రిళ్లు కనిపించడం లేదనడం అందులోకి వస్తాయి. డబ్బు వసూలు చేసేవి, సభ్యుల హక్కులు మార్చేవి రావు. గతంలో జనరల్ బాడీ చేసిన తీర్మానాన్ని రద్దు చేయాలన్నా ఆ ఉద్దేశాన్ని నోటీసులో ముందే చెప్పాలి.

రెండో హద్దు మెజారిటీ. మామూలు తీర్మానానికి హాజరై ఓటు వేసినవారిలో ఎక్కువమంది ఒప్పుకుంటే చాలు. బైలాస్‌నే మార్చాలంటే అలా కాదు. హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు కావాలి, ఆ తర్వాత రిజిస్ట్రారు ఆమోదం పొందాలి. పాత భవనం కూల్చి కొత్తది కట్టే రీడెవలప్‌మెంట్ విషయం మరీ ప్రత్యేకం. ముంబయిలో సొసైటీలను రెండుగా చీల్చే గొడవ ఇదే. బిల్డర్ల ఎంపికలో అక్రమాల మీద ఫిర్యాదులు ఎక్కువైనందున రాష్ట్ర ప్రభుత్వం 2009 జనవరి 3న చట్టంలోని 79ఎ సెక్షన్ కింద ఆదేశాలిచ్చింది, 2019 జులై 4న వాటిని సవరించి మళ్లీ ఇచ్చింది. కొత్త ఆదేశాల ప్రకారం రీడెవలప్‌మెంట్ సభకు మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు హాజరు కావాలి. నిర్ణయానికి మొత్తం సభ్యుల్లో కనీసం 51 శాతం ఒప్పుకోవాలి. మన 48 ఫ్లాట్ల సొసైటీలో హాజరు 32, అనుకూలంగా కనీసం 25 ఓట్లు. ‘వాయిదా పడిన సభకు కోరం అక్కర్లేదు’ అన్న వాక్యం ఇక్కడ పనికిరాదు. డెవలపర్‌ను ఎంపిక చేసే సభకు రిజిస్ట్రారు ప్రతినిధి రావాలి, సభనంతా వీడియో తీయాలి. ఈ ఆదేశాలు మార్గదర్శకాలేనని, ప్రతి చిన్న తేడాకూ ప్రక్రియ మొత్తం కొట్టేయనక్కర్లేదని బాంబే హైకోర్టు కొన్ని కేసుల్లో అంది. అయినా వాయిదా సభకు వచ్చిన పదిహేడు మంది కలిసి భవనం కూల్చే నిర్ణయం తీసుకున్నామంటే దాన్ని నిలబెట్టుకోవడం చాలా కష్టం.

అసలు తగాదా ఎక్కువగా పుట్టేది మరో చోట. వాయిదా పడటం వేరు, తేదీ మార్చడం వేరు. బోర్డు మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. సెప్టెంబరు 19న భారీ వర్షం పడుతోందని, చైర్మన్ ఊళ్లో లేరని కమిటీ ‘21న జరగాల్సిన సమావేశం 28కి మార్చబడినది’ అని కాగితం అంటించిందనుకుందాం. ఆ రోజు ఎవరూ రాలేదు, రిజిస్టరు తెరవలేదు, అరగంట ఎదురుచూడలేదు. అంటే కోరం లేదని తేలనే లేదు. బైలాస్‌లోని మినహాయింపు, పిలిచిన సభకు అరగంట ఆగినా కోరం రానప్పుడు మాత్రమే పనిచేస్తుంది. తేదీ మార్చిన సభ మళ్లీ మొదటి సభే. దానికి 14 పూర్తి రోజుల నోటీసు ఇవ్వాలి, ఇరవై మంది కూడాలి. ఆ నోటీసులో ‘కోరం అవసరం లేదు’ అని రాస్తే అది తప్పు. అలా రాసి నడిపించిన సభలో చేసిన తీర్మానాలు తర్వాత నిలబడకపోవచ్చు.

రెండింటినీ వేరుగా గుర్తించడానికి చూడాల్సిన కాగితం హాజరు రిజిస్టరు. కోరం లేక వాయిదా పడితే మొదటి రోజున వచ్చినవారి సంతకాలుంటాయి. ఏ సమయానికి ఎంతమంది ఉన్నారో, ఎన్ని గంటలకు వాయిదా వేశారో మినిట్స్ పుస్తకంలో రాసి, అధ్యక్షత వహించినవారు సంతకం పెట్టి ఉంటారు. పదకొండింటికి వచ్చినవారి చేత కూడా సంతకాలు పెట్టించి పదిన్నరకే ఇరవై మంది ఉన్నట్టు చూపించిన సందర్భాల్లో తగాదాలు కోర్టుదాకా వెళ్తాయి. అందుకే మంచి సెక్రటరీలు పదిన్నరకు రిజిస్టర్లో ఆఖరి సంతకం కింద గీత గీసి, సమయం రాసి, తర్వాత వచ్చినవారిని గీత కింద సంతకం చేయమంటారు. ఈ అలవాటు ప్రతి సొసైటీకీ రావాలి. ఒక గీతకు అరనిమిషం పట్టదు, తర్వాత ఏళ్లపాటు సాగే వాదాన్ని మొదట్లోనే ఆపుతుంది.

అదే రోజు మళ్లీ కూడే పద్ధతి గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. ముంబయి నోటీసుల కింద తరచూ కనిపించే వాక్యం ఇది: ‘ఉదయం 10.30 వరకు కోరం పూర్తికానిచో సమావేశం వాయిదా పడి, అదే స్థలంలో 11 గంటలకు జరుగును. దానికి కోరం అవసరం లేదు.’ బైలాస్ దీన్ని అనుమతిస్తాయి, మొదటి నోటీసులోనే ఉండాలన్నది ఒక్కటే షరతు. ఆచరణలో దీనివల్ల జరిగేది ఏమిటంటే, పదింటి సభకు వెళ్లడం దండగ, పదకొండింటికే అసలు మీటింగు అని అందరూ నిర్ణయించుకుంటారు. కోరం అన్న నియమం కాగితం మీదే మిగిలిపోతుంది. ఏడు రోజుల వాయిదా కొంత శ్రమతో కూడుకున్నదే, అయినా రాలేకపోయినవారు ఎజెండా చదువుకుని, పక్కవారిని అడిగి, కొటేషన్లు చూసుకుని వచ్చేందుకు వారం వ్యవధి దొరుకుతుంది. 18 లక్షల పని ఎజెండాలో ఉన్న ఏడు ఆ వ్యవధి సభ్యులకు దక్కాల్సిన న్యాయం.

ఓటు విషయంలో నోటీసులో రాసిన రెండు వాక్యాలు చిన్నవే గానీ ఇంటింటా అపోహలున్నాయి. ఫ్లాటు పెద్దదైనా చిన్నదైనా, షేర్లు ఎన్ని ఉన్నా సభ్యునికి ఒకే ఓటు. భార్యాభర్తల పేర్ల మీద ఫ్లాటు ఉంటే షేరు సర్టిఫికెట్‌లో మొదటి పేరున్నవారిది ఓటు. వారు రాకపోతే రెండో పేరున్నవారు రావచ్చు, ఓటు వేయవచ్చు. కానీ పేరు సర్టిఫికెట్ మీద లేని కొడుకునో అల్లుణ్నో ‘మా తరఫున వెళ్లిరా’ అని పంపితే కుదరదు. ఉద్యోగరీత్యా దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉంటూ ములుండ్‌లో ఫ్లాటు ఉన్న తెలుగువారు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి బంధువును పంపితే, ఆ పత్రం ఫ్లాటు అద్దెకివ్వడానికి పనికొస్తుంది గానీ సర్వసభ్య సభలో కూర్చోవడానికి పనికిరాదు. అద్దెకుండేవారికీ ఓటు లేదు. ఓట్లు సరిసమానమైతే సభాధ్యక్షుడు అదనంగా ఒక నిర్ణాయక ఓటు వేస్తారు. పదహారు మంది ఉన్న సభలో ఎనిమిదికి ఎనిమిది వచ్చినప్పుడు ఆ ఓటే తీర్పు.

కొన్ని నోటీసుల్లో ‘మెయింటెనెన్స్ బాకీ ఉన్నవారికి ఓటు హక్కు లేదు’ అని ఒక పంక్తి చేరుస్తుంటారు. బాకీదారు కమిటీలో ఉండలేరన్నది స్పష్టంగా చట్టంలో ఉన్న మాట. ఓటు హక్కు మాత్రం చట్టం నుంచీ బైలాస్ నుంచీ వచ్చింది, సెక్రటరీ కాగితం దాన్ని తీసేయలేదు. ఆ పంక్తి కనబడితే ఏ సెక్షన్ కింద, ఏ బైలా కింద రాశారో రాతపూర్వకంగా అడగడం సభ్యుని హక్కు. జవాబులో నంబరు లేకపోతే ఆ పంక్తికి ఆధారం లేదని అనుకోవచ్చు.

ఇంత జరిగాక కూడా తొమ్మిది ఓట్లతో నెగ్గిన నిర్ణయం మిగతావారికి నచ్చకపోతే దారి లేకపోలేదు. మొత్తం సభ్యుల్లో అయిదో వంతు సంతకాలు చేసి కోరితే కమిటీ నెల రోజుల్లోగా ప్రత్యేక సర్వసభ్య సమావేశం పిలవాలి. 48 మంది సొసైటీలో పది సంతకాలు చాలు. దేని గురించి సభ కావాలో ఆ కోరిక పత్రంలోనే స్పష్టంగా రాయాలి. ‘వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టు తీర్మానాన్ని రద్దు చేసి, కొటేషన్లు తిరిగి పిలవాలి’ అని రాస్తే, పాత తీర్మానం రద్దుకు కావలసిన నోటీసు కూడా అందులోనే ఇమిడిపోతుంది. ప్రత్యేక సమావేశానికి అయిదు పూర్తి రోజుల నోటీసు సరిపోతుంది. కాంట్రాక్టరుకు అడ్వాన్సు చెల్లించేలోపు ఈ పని జరగాలి. అడ్వాన్సు ఇచ్చేశాక సభ గెలిచినా డబ్బు వెనక్కి రాబట్టడం వేరే యుద్ధం. సభ జరిగిన పద్ధతే తప్పనుకుంటే డిప్యూటీ రిజిస్ట్రారుకు ఫిర్యాదు చేయవచ్చు, లేదా 91వ సెక్షన్ కింద సహకార న్యాయస్థానానికి వెళ్లవచ్చు. అక్కడ అడిగే మొదటి కాగితాలు రెండు నోటీసులూ, హాజరు రిజిస్టరూ.

ఈ నియమాలన్నీ మహారాష్ట్రవి. హైదరాబాదు, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో పరిస్థితి వేరు. ఇక్కడ ఎన్నో అసోసియేషన్లు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యాయి. వాటిలో కోరం ఎంత, నోటీసు ఎన్ని రోజులు, వాయిదా పడితే ఏమిటి, ప్రాక్సీ కుదురుతుందా లేదా అన్నవి ఆయా అసోసియేషన్ రిజిస్టర్ చేయించుకున్న బైలాస్‌లోనే వెతకాలి. పక్క అపార్ట్‌మెంట్లో ఇరవై మంది చాలన్నారని మనకూ అదే వర్తించదు. ముంబయి నుంచి బదిలీ అయి వచ్చిన సభ్యుడు సెక్రటరీ అయ్యాక అలవాటుగా ‘వాయిదా పడిన సభకు కోరం అవసరం లేదు’ అని నోటీసు కింద రాస్తే, రిజిస్టరైన బైలాస్‌లో ఆ మాట ఉంటేనే అది చెల్లుతుంది. బైలాస్ ప్రతి అసోసియేషన్ ఆఫీసులో ఉండాలి, అక్కడ దొరకకపోతే జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. సభ తేదీకి ముందే ఆ నకలు చేతిలో ఉంటే, నోటీసులో రాసిన ప్రతి వాక్యాన్నీ దానితో పోల్చి చూడవచ్చు.